ఈసారి కాపుకొస్తా

ఆదివారం కొర్లగుంట మిద్దె మీద రిహార్సల్‌కి పాట పూర్తిగా పంపిస్తున్నా. పోయినసారి మీరందరూ అన్నది నిజమే. ఆఖరి పల్లవి ఉత్త నాలుగోసారి పాడినట్టే ఉండింది. అందుకే బ్రిడ్జ్ మొత్తం కొట్టేసి మళ్లీ రాశా. చరణాల్లో ఒకటి రెండు మాటలు మారాయి, అంతే.

పల్లవి (G, C, D, G)

ఈసారి కాపుకొస్తా నాయనా
ఈసారి తప్పకుండా వస్తా
బెంగుళూరా కోసే నాటికి
చిక్కం నేనే పట్టుకుంటా

చరణం 1 (G, Em, C, D)

కాయ పేరు బెంగుళూరా
నేనుండేది బెంగుళూరు
కాయ పేర్లో "రా" అనే పిలుపుంది
ఊరి పేర్లో లేదు చూడు
అని నవ్వినావు ఫోన్లో
నేనూ నవ్వేసి పెట్టేసినా

(పల్లవి)

చరణం 2

హాస్టలన్నా, పరీక్షలన్నా
ఇప్పుడేమో లీవు లేదన్నా
పూతకన్నా, పిందెకన్నా
కాయకి ఖాయం అన్నా
మొగిలి ఘాటు దాటలేదు గానీ
ప్రతిసారీ మాట దాటేసినా

(పల్లవి. ఇక్కడ గొంతు కొంచెం తగ్గించి. వాడికే వాడి మాట మీద నమ్మకం పోతోంది.)

బ్రిడ్జ్ (Em, C, Am, Em, ఆఖరి నాలుగు లైన్లకి Am, C, D)

ఫోను పెట్టెయ్యడం మరిచినాడు నాయన
చెట్టుతో మాట్లాడతాండాడు

"వాడొస్తాడంట, రెండు రోజులాగు
గాలొచ్చినా రాలబాకమ్మా
లారీ ఆయప్ప రేటు తగ్గిస్తాడు
తగ్గించనీలే
కింద కొమ్మ మాత్రం కోయనీను
వాడికి అందేది అదే
వాడి ఎత్తు నాకింకా
ఆ కొమ్మంతే గుర్తు"

(D మీదే రెండు బార్లు. తర్వాత ఒక బారు ఎవరూ ఏమీ వాయించొద్దు.)

ఆఖరి పల్లవి (G, C, D, G)

ఈసారి కాపుకొస్తాండా నాయనా
పలమనేరు దాటింది బస్సు
కింద కొమ్మ కోయబాక నాయనా
వంగి కోసుకుంటా నేను

బెంగుళూ...
(అందరూ) రా

ఇప్పుడు వాయించే సంగతి. పాత బ్రిడ్జ్‌లో కొడుకే మళ్లీ "నన్ను క్షమించు" అని ఏడ్చేవాడు. రెండు చరణాల్లో చెప్పిందే ఇంకోసారి, కాస్త గట్టిగా. ఇప్పుడు మాట నాయనది. అది కూడా కొడుకుతో కాదు, చెట్టుతో. కొడుకు వింటున్నాడని ఆయనకి తెలియదు. కాబట్టి ఆ ఎనిమిది లైన్లు ఎవరికో చెబుతున్నట్టు పాడకూడదు, తోటలో ఒక్కడే గొణుక్కుంటున్నట్టు ఉండాలి. ఆ భాగం కహోన్ వాయించే అన్న పాడితే బాగుంటుందని నా ఆశ. అన్నా, నాకు గొంతు లేదు అని తప్పించుకోవద్దు, గొంతు లేనట్టుండడమే కావాల్సింది. అప్పుడు కహోన్ కూడా దానంతట అదే ఆగుతుంది.

గిటార్‌కి ఒక్క నియమం. బ్రిడ్జ్ మొత్తంలో G కార్డ్ ఒక్కసారి కూడా పడకూడదు. చరణమంతా, పల్లవంతా మనం పదే పదే G దగ్గరికే ఇల్లు చేరుతున్నాం. ఆ ఇంటిని కాసేపు తలుపేసి ఉంచితేనే, ఆఖర్లో "ఈసారి" అన్నప్పుడు అది తెరుచుకున్నట్టు వినిపిస్తుంది. అలవాటుగా చెయ్యి పోతుంది, నాకూ మొన్న రెండుసార్లు పోయింది.

వయొలిన్ అక్కా, నీకు ఇది నీ భాషలో చెబుతా. పల్లవి శంకరాభరణం అనుకో. బ్రిడ్జ్‌లో దాని ధైవతాన్నే షడ్జంగా పట్టుకుంటే నటభైరవి స్వరాలొస్తాయి కదా, గ్రహభేదం. స్వరాలు అవే, నిలబడే చోటు మారింది. నాయన మాట కూడా అంతే, తోట అదే, చూసేవాడు మారాడు. అందుకే నీ వైపు నుంచి కొత్త స్వరం ఏదీ వద్దు. ధైవతం మీద నిలిచి ఉంటే చాలు. "రాలబాకమ్మా" దగ్గర చిన్న గమకం నీ ఇష్టం.

ఆఖరి పల్లవిని ఒక మెట్టు పైకెత్తి పాడదామని ఇద్దరు అడిగారు. వద్దు. మన పాత పాటకి అదే చేశాం, కాలేజీ డేలో చప్పట్లు కొట్టించుకున్నట్టు ఉండింది. ఈ కుర్రాడు గెలవలేదు, బస్సెక్కాడంతే. అదే శ్రుతి, అదే వేగం, మొదటి రెండు లైన్లు గిటార్ ఒక్కటే.

ఇంకొక అనుమానం మిగిలింది. "బెంగుళూరా" అంటే చిత్తూరు వైపు అందరికీ తెలుసు, తోతాపురి అని చెప్పక్కర్లేదు. బయట పాడితే? మొదటి చరణంలో "కాయ పేరు" అని ముందే ఉంది కాబట్టి అర్థమవుతుందనుకుంటున్నా. "ఆయప్ప"ని మాత్రం ఎవరడిగినా మార్చను.

ఆఖరి "రా" ఎంతసేపు పట్టాలో ఆదివారం పాడి చూసి తేల్చుకుందాం.