రూట్ కెనాల్ పేషెంట్ వీడియో: అడగాల్సిన ప్రశ్నలు, ఎడిటింగ్ ప్లాన్

షూట్ గురువారం మధ్యాహ్నం 2:15కి, బ్రాడీపేట క్లినిక్‌లో, కన్సల్టేషన్ గదిలో. మాట్లాడేది గుంటూరు మిర్చి యార్డులో గుమస్తాగా చేసే బాబాయ్‌గారు. కింద ఎడమవైపు దవడ పన్నుకు రూట్ కెనాల్ చేసి క్యాప్ వేశారు. మనకు 75 సెకన్ల వీడియో ఒకటి, వాట్సాప్ స్టేటస్‌కి 25 సెకన్ల ముక్క ఒకటి కావాలి. రెండూ నిలువు సైజులోనే.

ప్రశ్నలు ఫ్రంట్ డెస్క్‌లో పనిచేసే మీరే అడగండి. డాక్టర్‌గారు ఆ గదిలో ఉండకూడదు. ఆయన ఎదురుగా ఉంటే బాబాయ్ మొహమాటానికి పొగుడుతారు, ఆ పొగడ్త మనకు పనికిరాదు. ఈ వీడియో చూడాల్సిన మనిషి నొప్పి మాత్ర వేసుకుంటూ నెలల తరబడి వాయిదా వేస్తున్నవాడు. "డాక్టరు చాలా మంచివారు" అని వింటే అతను కదలడు. తనలాగే భయపడిన మనిషి చివరికి ఎలా వచ్చాడో వినాలి. అందుకే మనం అడిగేది భయం గురించి.

కెమెరా ఆన్ చేసే ముందు

అంగీకార పత్రం తెలుగులో ప్రింట్ తీసి పెట్టాను. సంతకం పెట్టించే ముందు పైకి చదివి వినిపించండి:

"నా వైద్యం గురించి నేను నా ఇష్టంతో మాట్లాడుతున్నాను. దీనికి డబ్బుగానీ ఫీజులో తగ్గింపుగానీ తీసుకోలేదు. ఈ వీడియోను క్లినిక్ వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్‌లలో పెట్టడానికి ఒప్పుకుంటున్నాను. ముందుగా నాకు చూపించాకే పెడతారు. వద్దని ఎప్పుడు చెప్పినా క్లినిక్ తన పేజీల నుంచి తీసేస్తుంది. ఒప్పుకోకపోయినా నా వైద్యంలో తేడా ఉండదు."

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చేసిన చట్టంలో, ఇచ్చిన అంగీకారాన్ని వెనక్కి తీసుకునే హక్కు రాసి ఉంది. కాబట్టి ఆ వాక్యాన్ని గబగబా చదివేయకండి.

ఫోన్, గది

వెనక కెమెరాతోనే తీయండి, లెన్స్ మెత్తని గుడ్డతో తుడవండి. 4K, 25 ఫ్రేములు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 25లో తీస్తే లైటు మినుకుమినుకుమనే బెడద తగ్గుతుంది. ఐఫోన్‌లో 25 కనిపించకపోతే కెమెరా సెట్టింగ్స్‌లో Show PAL Formats ఆన్ చేయండి. జూమ్ 1x దగ్గరే ఉంచండి. 0.5x పెడితే ముఖం సాగినట్టు కనిపిస్తుంది, పళ్ల వీడియోలో అది అస్సలు బాగోదు. ముఖం మీద వేలు నొక్కి పట్టి AE/AF LOCK చేయండి, ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టండి.

కిటికీ ఆయనకు ఒక పక్కగా ఉండాలి, వెనక ఉండకూడదు. స్టాండు ఆయన కళ్ల ఎత్తులో ఉండాలి. మీరు ఫోన్ పక్కనే కూర్చోండి, ఆయన మిమ్మల్ని చూసి మాట్లాడాలి. కాలర్ మైకు చొక్కా గుండీ దగ్గర పెట్టండి, తువ్వాలు వేసుకొస్తే తీయించండి, రాసుకుంటే చప్పుడు వస్తుంది. ఏసీ, ఫ్యాను, ముఖ్యంగా డెంటల్ చెయిర్ కంప్రెసర్ ఆపేయించండి. ఆ రోజు ఆయనకు మత్తు ఇంజెక్షన్ ఉండే పని ఏదీ పెట్టకండి, పెదవి తిమ్మిరిగా ఉంటే మాట తడబడుతుంది.

ప్రశ్నలు

కాగితం చూసి చదవకండి. రోజూ మాట్లాడినట్టే అడగండి. ఒక్క మాట ముందే చెప్పండి: "బాబాయ్, నా గొంతు వీడియోలో ఉండదు. అందుకని నా ప్రశ్నలోని మాట కలిపి చెప్పండి."

1. "యార్డులో సీజన్ ఎలా ఉంది బాబాయ్? పొద్దున ఎన్నింటికి వెళ్తున్నారు?" ఇది వాడం. గొంతు సర్దుకోవడానికి, మైకు చూసుకోవడానికి.

2. "ఈ పన్ను నొప్పి మొదట ఎప్పుడు తెలిసింది? ఏం తింటుంటే?" చల్లటి నీళ్లు తగిలితే జివ్వుమనడం, ఒక పక్కనే నమలడం లాంటివి ఆయన నోటే రానివ్వండి. మీరు అందించొద్దు.

3. "మరి వెంటనే ఎందుకు రాలేదు?" అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. అడిగాక మాట్లాడకుండా కూర్చోండి. ఆయన ఆగినా మీరు కల్పించుకోకండి, అసలు మాట ఆ ఆగిన తర్వాతే వస్తుంది. "సూదంటే భయం" అని ఆపేస్తే, "చిన్నప్పటి నుంచా బాబాయ్?" అని ఒక్కటే అడగండి.

4. "ఇంట్లోవాళ్లు ఏమనేవాళ్లు?"

5. "చివరికి వచ్చిన రోజు ఏం జరిగింది? మెట్లెక్కేటప్పుడు మనసులో ఏమనుకున్నారు?"

6. "కుర్చీలో కూర్చున్నాక మీరు భయపడినట్టే ఉందా, వేరేగా ఉందా?" ఇంజెక్షన్ చురుక్కుమందని అంటే చాలా మంచిది, అది ఉంచుతాం. నిజం ఒకటి చెప్పిన మనిషి మిగతాది చెప్పినా నమ్ముతారు.

7. "క్యాప్ వేశాక మొదట ఇష్టంగా ఏం తిన్నారు?" జంతికలో, వేరుశనక్కాయలో, ఏదైనా సరే పేరు రావాలి. "అన్నీ తింటున్నా" అంటే మళ్లీ అడగండి.

8. "మీ యార్డులో ఎవరైనా ఇలాగే నొప్పి ఓర్చుకుంటూ తిరుగుతుంటే, టీ తాగుతూ ఏం చెప్తారు?"

అడగకూడనివి: ఎంతయింది, ఇంతకుముందు ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లారు, మాకు ఎన్ని స్టార్లు ఇస్తారు.

ఇంటర్వ్యూ అయ్యాక పది సెకన్ల చొప్పున నాలుగు షాట్లు: మెట్లెక్కుతూ, కుర్చీలో కూర్చుంటూ, చేతులు దగ్గరగా, తనకు తానుగా నవ్వినప్పుడు ముఖం. వెనక వేరే పేషెంట్లు, అపాయింట్‌మెంట్ పుస్తకం పడకూడదు. ఎక్స్‌రే చూపిస్తే దాని మీది పేరు, నంబరు కనిపించకూడదు.

ఎడిటింగ్

VN యాప్‌లో, నిలువు 9:16, 1080 సైజులో చేస్తాను. 4Kలో తీయమన్నది ఇందుకే: దగ్గరి షాట్ కావాలంటే అదే వీడియోను పెద్దది చేసినా మసకబారదు.

0–6 సెకన్లు: మూడో ప్రశ్నకు జవాబులో బలమైన ఒక్క వాక్యం. లోగో, సంగీతం, నమస్కారం ఏవీ ఉండవు.
6–22: నొప్పి ఎలా మొదలైంది. మెట్ల షాట్ దీని మీదే.
22–40: భయం, ఇంట్లోవాళ్ల మాట. ఇక్కడ ముఖం తప్ప వేరే షాట్ వేయను.
40–58: వచ్చిన రోజు, కుర్చీలో అనుభవం.
58–70: తిండి సంగతి, యార్డు స్నేహితులకు చెప్పేది.
70–75: క్లినిక్ పేరు, ఫోన్ నంబరు, కింద "ఇది ఒక పేషెంట్ అనుభవం. వైద్యం, ఫలితం మనిషిని బట్టి మారతాయి."

25 సెకన్ల ముక్కలో 3, 6, 7 జవాబులు, చివర నంబరు.

"ఆఁ", "అంటే" లాంటివి కొన్ని తీస్తాను, అన్నీ తీయను. గుంటూరు యాస అలాగే ఉంటుంది. ఒక జవాబులోని సగాన్ని ఇంకో జవాబు సగానికి అతికించను. "కొంచెం నొప్పి ఉంది, తర్వాత తగ్గింది" అంటే మొదటి సగం కోసేయను. "నొప్పే ఉండదు", "గ్యారంటీ", "ఊళ్లో నంబర్ వన్" లాంటి మాటలు ఆయన అన్నా తీసేస్తాను. డెంటల్ కౌన్సిల్ 2014 నీతి నియమావళి డాక్టర్ల ప్రచారానికి హద్దులు పెట్టింది, కాబట్టి వీడియో పెట్టవచ్చా, చివరి కార్డు మీద ఏముండవచ్చు అన్నది డాక్టర్‌గారే ఆ నియమాలు చూసి తేల్చాలి.

చాలామంది శబ్దం లేకుండా చూస్తారు కాబట్టి తెలుగు సబ్‌టైటిల్స్ తప్పనిసరి. చేత్తోనే టైప్ చేస్తాను. ఫాంటు మండలి, తెల్ల అక్షరాలు, నల్ల పట్టీ, వరుసకు నాలుగైదు మాటలు. ఒత్తులు విడిపోతున్నాయేమో ఫోన్లో ఒక్కొక్క వరుస చూస్తాను. సబ్‌టైటిల్ ఆయన అన్న మాటే ఉంటుంది, పుస్తక భాషలోకి మార్చను. సంగీతం వేస్తే వీణ మాత్రమే, యాప్‌లో వాడుకోవడానికి అనుమతి ఉన్నది, గొంతుకు బాగా కిందగా.

శనివారం సాయంత్రానికి మొదటి కాపీ మీకు పంపుతాను. ముందు బాబాయ్‌కి, వీలైతే పిన్నిగారు పక్కనుండగా చూపించండి. ఆయన తీసేయమన్నది తీసేశాకే డాక్టర్‌గారికి. ఇద్దరూ సరేనన్నాక సోమవారం పొద్దున పెడదాం. వాడని క్లిప్పులు మీ ఫోన్లోంచి, నా ఫోన్లోంచి అదే రోజు డిలీట్ చేద్దాం, సంతకం కాగితం మాత్రం ఆయన ఫైల్లో ఉంచండి.