నామినీ పేరు లేని మా బాపు పాలసీ డబ్బు వారసులకు ఇవ్వాలని దరఖాస్తు

కాశిబుగ్గ, వరంగల్
తేదీ: 6 నవంబర్ 2025

బ్రాంచి మేనేజర్ గారికి,
జీవిత బీమా బ్రాంచి ఆఫీసు, హనుమకొండ

విషయం: కీ.శే. ఎర్రబోయిన కొమురయ్య గారి పాలసీ, బీమా మొత్తం రూ. 2,00,000, నామినీ లేనందున చట్టబద్ధ వారసుల క్లెయిమ్.

నమస్కారం సార్,

నేను కొమురయ్య గారి పెద్ద బిడ్డను, పేరు స్వప్న. మా బాపు ఎనుమాముల మార్కెట్లో హమాలీ పని చేసేవాడు. ఆగస్టు 14న తెల్లవారుజామున ఇంట్లోనే గుండెపోటుతో చనిపోయాడు. 2008 మార్చిలో తీసుకున్న పాలసీ ఇది, 20 ఏళ్లది, మొన్న మార్చి కిస్తు కూడా కట్టాడు, రసీదు ఉంది. దినాలు అయినంక సందుగ సర్దుతుంటే అడుగున ప్లాస్టిక్ కవర్లో బాండు దొరికింది. అందులో నామినీ అన్న చోట పెన్నుతో ఒక అడ్డగీత ఉంది, అంతే. ఎవరు గీశారో, ఎందుకు పేరు రాయలేదో మాకు తెలియదు. బాపుకు చదువు రాదు, సంతకం ఒక్కటే నేర్చుకున్నాడు.

మేం వారసులం నలుగురం: మా అమ్మ లక్ష్మి, నేను, తమ్ముడు శ్రీకాంత్ (22 ఏళ్లు), మా నానమ్మ మల్లమ్మ. కౌంటర్‌లో అడిగితే "అమ్మ, పిల్లలు చాలు కదా" అన్నారు కానీ, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం చనిపోయిన మగవాడి తల్లి కూడా క్లాస్ 1 వారసురాలే, భార్యతో, పిల్లలతో సమానంగా ఆమెకూ ఒక వాటా వస్తుంది. నాకు పెళ్లయి హుజూరాబాద్‌లో ఉంటున్నా నా వాటా కూడా పోదు. కాబట్టి లెక్క నాలుగు వాటాలు, తలా 50,000, పైన బోనస్ ఏమొస్తే అదీ అట్లాగే. నేను, తమ్ముడు మా వాటాలు అమ్మకు వదులుకుంటున్నాం. నానమ్మను మాత్రం వదులుకోమని మేం అడగలేదు, అడగం కూడా. కొడుకును పోగొట్టుకున్న ముసలితనంలో ఆ డబ్బు ఆమె పేరు మీదే ఉండాలి. దయచేసి ఒక వాటా నానమ్మ ఖాతాలో, మూడు వాటాలు అమ్మ ఖాతాలో వేయండి.

దీంతో ఇస్తున్న కాగితాలు చెప్తాను, చూసుకోండి. ఒరిజినల్ బాండు, చివరి కిస్తు రసీదు, నింపిన క్లెయిమ్ ఫారం, మున్సిపల్ కార్పొరేషన్ ఇచ్చిన మరణ ధృవీకరణ పత్రం. మీసేవలో దరఖాస్తు పెట్టి తెచ్చుకున్న తహసీల్దార్ గారి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, దీనికోసం గిర్దావర్ సార్ ఇంటికొచ్చి విచారించి పక్కింటి వాళ్ల సంతకాలు తీసుకున్నారు, నలుగురి పేర్లూ అందులో ఉన్నాయి. తాత ముందే చనిపోయాడు కాబట్టి ఆయన మరణ పత్రం కూడా పెట్టాను. నేను, తమ్ముడు స్టాంపు పేపర్ మీద రాసి నోటరీ చేయించిన హక్కు వదులుకునే అఫిడవిట్లు రెండు, వేరే వారసులెవరూ లేరని నలుగురం కలిసి ఇచ్చిన అఫిడవిట్, రేపు ఇంకెవరైనా వస్తే బాధ్యత మాదేనని ఇండెమ్నిటీ బాండు. అందరి ఆధార్ జిరాక్సులు, అమ్మ, నానమ్మల పాన్ కార్డులు, పాస్‌బుక్ మొదటి పేజీలు, క్యాన్సిల్ చేసిన చెక్కులు.

పేరు విషయం ఒకటుంది. బాండులో "ఇ. కొమరయ్య" అని, ఆధార్‌లో "ఎర్రబోయిన కొమురయ్య" అని ఉంది. ఇద్దరూ ఒక్కరేనని అమ్మ అఫిడవిట్ ఇచ్చింది, పాత రేషన్ కార్డు జిరాక్సు కూడా జత చేశాం.

నానమ్మ వేలి గీతలు అరిగిపోయాయి. బ్యాంకులో మిషన్ మీద పదిసార్లు పెట్టినా పట్టలేదు, చివరికి చీర కొంగుతో వేలు తుడిచి తుడిచి ఎర్రగా చేసుకుంది. మీ డిశ్చార్జ్ ఫారం మీద ఆమె ఎడమ బొటనవేలి ముద్రే వేస్తుంది, మీరు చెప్పిన సాక్షి ముందు వేయిస్తాను. ఆమెను మాత్రం మళ్లీ మళ్లీ ఆఫీసు మెట్లు ఎక్కించకండి సార్.

ఇక అసలు మాట. కౌంటర్‌లో "కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ తెస్తేనే" అన్నారు. 1925 భారత వారసత్వ చట్టం కింద ఆ సర్టిఫికెట్ ఉందని, కోర్టులో ఓపీ వేయాలని మాకు తెలుసు. లాయర్ ఫీజు, కోర్టు ఫీజు, పేపర్ ప్రకటన, వాయిదాలు, నెలలు. మా మధ్య గొడవ లేదు, నలుగురం ఒకే కాగితం మీద ఒప్పుకుంటున్నాం. తహసీల్దార్ సర్టిఫికెట్ కోర్టు తీర్పుతో సమానం కాదని తెలిసే, మీ సంస్థకు ఇబ్బంది రాకూడదని ఇండెమ్నిటీ బాండు ఇస్తున్నాం. ఈ కాగితాలతోనే క్లెయిమ్ ఇవ్వండి. అయినా కోర్టు సర్టిఫికెట్ కావాల్సిందే అంటే ఆ మాట నోటితో కాకుండా రాతలో, కారణం చూపి ఇవ్వండి, వెంటనే కోర్టులో వేస్తాం. పాలసీకి 17 ఏళ్లు దాటాయి, బీమా చట్టం సెక్షన్ 45 ప్రకారం మూడేళ్లు దాటిన పాలసీని ప్రశ్నించడానికి లేదు కాబట్టి పాత ఆసుపత్రి కాగితాలు అవసరం పడవనుకుంటున్నాను.

ఇంకేదైనా తక్కువైతే ఒకేసారి చెప్పండి, ఒక్కో వారం ఒక్కో కాగితం అడిగితే హుజూరాబాద్ నుంచి రావడం నాకు కష్టం. ఈ దరఖాస్తు రెండో కాపీ మీద ముద్ర వేసి, తేదీ రాసి ఇవ్వగలరు.

ఇట్లు,
ఎర్రబోయిన స్వప్న (కూతురు)

మాకు సమ్మతమే:
లక్ష్మి (భార్య) – సంతకం
శ్రీకాంత్ (కొడుకు) – సంతకం
మల్లమ్మ (తల్లి) – ఎడమ బొటనవేలి ముద్ర