క్రిమినల్ లా మోడల్ పేపర్, పార్ట్-బి: సమస్యా ప్రశ్నలు

ఏవైనా రెండింటికి జవాబు రాయండి. ఒక్కోదానికి 10 మార్కులు. ఘటనలన్నీ 2024 జూలై 1 తర్వాతవే. కాబట్టి భారతీయ న్యాయ సంహిత సెక్షన్లే వాడాలి. అలవాటుకొద్దీ 304-ఎ అని రాయకండి.

1. అమలాపురం దగ్గర ఒక ఊళ్లో గట్టు తగాదా. బావమరిదిని చంపాలనుకుని సత్తిబాబు రాజోలులో పురుగుమందు కొన్నాడు. కింది మూడు సందర్భాల్లో అతని నేరం ఏది?
(ఎ) డబ్బా ఇంట్లో దాచాడు, అంతలో పోలీసులొచ్చారు.
(బి) మజ్జిగలో కలిపి బావమరిది చేతికిచ్చాడు. గ్లాసు జారి ఒలికిపోయింది.
(సి) మందనుకుని కలిపింది పంచదార. బావమరిది తాగేశాడు, ఏమీ కాలేదు.
సూచన: (సి)కి జవాబు రాసే ముందు 62వ సెక్షన్‌లోని ఖాళీ నగలపెట్టె ఉదాహరణ చదవండి. ‘ఏమీ కాలేదు కాబట్టి నేరం లేదు’ అనడం చాలదు.

2. భీమవరం వైపు రొయ్యల చెరువు యజమాని దొంగల భయంతో గట్టు చుట్టూ తీగకి కరెంటు పెట్టాడు. బోర్డు లేదు. తెల్లవారుజామున అటుగా వెళ్లిన కూలీ షాక్ కొట్టి చనిపోయాడు. ‘చంపే ఉద్దేశం నాకు లేదండీ’ అంటాడు యజమాని. 106(1) సరిపోతుందా? వారం ముందే అదే తీగకి గేదె చచ్చిందని, అది అతనికి తెలుసని రుజువైతే, 100వ సెక్షన్‌లోని ‘తెలిసి ఉండటం’ వర్తిస్తుందా? కారణాలతో వాదించండి.

3. రావులపాలెం అరటితోటలో అయిదుగురు బందిపోటుకి కత్తులు, తాళ్లు సిద్ధం చేసుకుంటూ దొరికారు. సన్నాహమే శిక్షార్హమా? 310(4) చూడండి.