ప్రైవేటు బడి, సర్కారు బడి, పిల్లల చదువు: ఐదు ఆధారాలతో వ్యాఖ్యాన సహిత గ్రంథసూచి

ఎం.ఎడ్. రెండో సెమిస్టర్, పరిశోధన పద్ధతుల కోర్సు, అసైన్‌మెంట్ 2

పరిశోధన ప్రశ్న: పల్లెల్లో ప్రైవేటు బడి పిల్లలకు సర్కారు బడి పిల్లల కంటే ఎక్కువ మార్కులు వస్తున్నాయి. ఆ తేడాలో బడి వాటా ఎంత, ఇంటి వాటా ఎంత? పరిధి: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామాలు, ప్రాథమిక తరగతులు. ఆధారాలు రచయితల ఇంటిపేర్ల అకారాది క్రమంలో ఉన్నాయి. ఐదూ ఇంగ్లిష్‌లో వెలువడినవే.

ఏసర్ సెంటర్. 2023. «యాన్యువల్ స్టేటస్ ఆఫ్ ఎడ్యుకేషన్ రిపోర్ట్ (రూరల్) 2022». న్యూఢిల్లీ.

ప్రథమ్ సంస్థ చొరవతో 2005లో మొదలైన ఇంటింటి సర్వే ఇది. జిల్లాకు 30 ఊళ్లు, ఊరికి 20 ఇళ్లు తీసుకుంటారు. 5 నుంచి 16 ఏళ్ల పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి చదివిస్తారు. మొదట ఒకటో తరగతి స్థాయి పేరా ఇస్తారు. తడుముకోకుండా చదివితే రెండో తరగతి కథ, చదవలేకపోతే పదాలు, అవీ రాకపోతే అక్షరాలు. బడి మానేసిన పిల్లలు, ఆ రోజు బడికి వెళ్లని పిల్లలు కూడా లెక్కలోకి రావడం దీని పెద్ద బలం. బడిలో పెట్టే పరీక్షకు ఆ పిల్లలు దొరకరు.

రెండో తరగతి కథ చదవగల మూడో తరగతి పిల్లలు 2018లో ఆంధ్రప్రదేశ్‌లో 22.6 శాతం. 2022 నాటికి 10.3 శాతమే మిగిలారు. తెలంగాణలో 18.1 నుంచి 5.2కు పడిపోయింది. కరోనా మూసివేతల తర్వాతి అంకెలు ఇవి.

ప్రైవేటు, సర్కారు అంకెలు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి చాలామంది వాటిని నేరుగా పోలుస్తారు. ఇది తప్పు. ఆ పట్టికలో తల్లి చదువు, ఇంటి ఆదాయం సరిచేసి ఉండవు. పైగా 2018, 2022 మధ్య దేశం మొత్తంమీద సర్కారు బడుల్లో చేరిన పిల్లల శాతం 65.6 నుంచి 72.9కి పెరిగింది. అంటే రెండు వైపులా కూర్చున్న పిల్లలే మారిపోయారు. రెండు సంవత్సరాల సర్కారు బడి అంకెలను పక్కపక్కన పెట్టి «బడి బాగుపడింది», «బడి చెడింది» అని తేల్చడానికి ఆధారం లేదు. పట్టణాలు ఈ సర్వేలో లేవు. సమస్య ఎంత పెద్దదో చూపడానికి మాత్రమే దీన్ని వాడతాను, కారణం చెప్పడానికి వాడను.

క్రెమర్, మైకేల్, చౌధురి, నజ్ముల్, రోజర్స్, ఎఫ్. హాల్సే, మురళీధరన్, కార్తీక్, హ్యామర్, జెఫ్రీ. 2005. «టీచర్ ఆబ్సెన్స్ ఇన్ ఇండియా: ఎ స్నాప్‌షాట్». జర్నల్ ఆఫ్ ది యూరోపియన్ ఎకనమిక్ అసోసియేషన్, సంపుటి 3.

చెప్పకుండా వెళ్లి చూస్తే సర్కారు ప్రాథమిక బడుల్లో 25 శాతం టీచర్లు లేరు. పాఠం చెబుతూ కనిపించినవారు సుమారు సగం. రాష్ట్రాలవారీగా మహారాష్ట్రలో గైర్హాజరు 15 శాతం, జార్ఖండ్‌లో 42. జీతం ఎక్కువైనంత మాత్రాన హాజరు పెరగలేదు. హాజరు రిజిస్టరును నమ్మకుండా కళ్లతో చూసి లెక్కించడం దీని విలువ. అయితే ఇవన్నీ సహసంబంధాలే. ఈమధ్య తనిఖీ జరిగిన బడుల్లో, రోడ్డుకు దగ్గరున్న బడుల్లో గైర్హాజరు తక్కువ అంటారు. రోడ్డు పక్కన ఉన్న బడికే తనిఖీ అధికారి ఎక్కువగా వెళ్లే అవకాశం ఉంది కదా, ఈ రెండింటినీ విడదీయడం కష్టం. నా ప్రశ్నకు పనికొచ్చే ముక్క ఒకటి: ప్రైవేటు టీచర్ల గైర్హాజరు మొత్తంమీద కొంచెమే తక్కువ, కానీ అదే ఊళ్లోని సర్కారు బడితో పోలిస్తే 8 శాతం పాయింట్లు తక్కువ. ఊరు మారకుండా పోలిస్తే జవాబు ఎలా మారుతుందో ఇక్కడే తెలుస్తుంది.

బార్నెట్, ఇంకా ఇతరులు. 2013. «కోహార్ట్ ప్రొఫైల్: ది యంగ్ లైవ్స్ స్టడీ». ఇంటర్నేషనల్ జర్నల్ ఆఫ్ ఎపిడెమియాలజీ, సంపుటి 42.

ఇది ఫలితాల వ్యాసం కాదు, దత్తాంశాల పరిచయం. ఇథియోపియా, పెరూ, వియత్నాంతో పాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుంచి ఒకే పిల్లలను వెంబడిస్తున్న అధ్యయనం. ఇక్కడ సుమారు 2,000 మంది ఏడాది వయసు పిల్లలతో, 1,000 మంది ఎనిమిదేళ్ల పిల్లలతో మొదలైంది. కోస్తా, రాయలసీమ, తెలంగాణ మూడూ ఉన్నాయి. చిన్న వయసు జట్టులో బడిలో చేరకముందే పిల్లల ఎత్తు, బరువు, ఇంటి ఆస్తి, తల్లి చదువు నమోదై ఉండడం వల్ల «ఇంటి వాటా»ను కొలవడానికి ఇంతకంటే మంచి ఆధారం నాకు దొరకలేదు. రెండు జాగ్రత్తలు: ఎంపిక పేద ప్రాంతాల వైపు మొగ్గింది కాబట్టి ఈ సగటులు రాష్ట్ర సగటులు కావు. ఇంటి భాషను బట్టి అనువాదమైన పరీక్షల్లో మాటల కష్టం మారుతుంది కాబట్టి ఒక భాష పిల్లల మార్కులను ఇంకో భాష వారి మార్కులతో పోల్చకూడదు.

మురళీధరన్, కార్తీక్, సుందరరామన్, వెంకటేశ్. 2011. «టీచర్ పర్ఫార్మెన్స్ పే: ఎక్స్‌పెరిమెంటల్ ఎవిడెన్స్ ఫ్రమ్ ఇండియా». జర్నల్ ఆఫ్ పొలిటికల్ ఎకానమీ, సంపుటి 119.

ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల్లో పిల్లల మార్కులు పెరిగితే టీచరుకు బోనస్ ఇచ్చిన ప్రయోగం. బడులను లాటరీతో విడదీశారు. పిల్లల సగటు మార్కుల పెరుగుదల 5 శాతం పాయింట్లు దాటాక, ఆపైన ప్రతి పాయింటుకు రూ. 500. రెండేళ్ల తర్వాత లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాల మేర ఈ బడులు ముందున్నాయి. బోనస్ లేని సబ్జెక్టుల్లో కూడా మార్కులు తగ్గకపోగా పెరిగాయి.

పైన చెప్పిన 2005 వ్యాసంతో కలిపి చదవాల్సింది ఇక్కడే: బోనస్ వల్ల టీచర్ల గైర్హాజరు తగ్గలేదు. వచ్చిన రోజుల్లో అదనపు క్లాసులు, హోంవర్కు, ప్రాక్టీసు పరీక్షలు పెరిగాయి. అంటే హాజరు ఒక్కదాన్నే చూసి బోధనను కొలిస్తే అసలు మార్పు కంటికి ఆనదు. లోపం కూడా చెప్పాలి. ఈ ప్రయోగంలో సర్కారు బడులే ఉన్నాయి కాబట్టి నా పోలికకు నేరుగా జవాబివ్వదు. సర్కారు బడి అదే టీచర్లతోనే మెరుగుపడగలదని మాత్రం చూపుతుంది.

మురళీధరన్, కార్తీక్, సుందరరామన్, వెంకటేశ్. 2015. «ది అగ్రిగేట్ ఎఫెక్ట్ ఆఫ్ స్కూల్ చాయిస్: ఎవిడెన్స్ ఫ్రమ్ ఎ టూ-స్టేజ్ ఎక్స్‌పెరిమెంట్ ఇన్ ఇండియా». క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనమిక్స్, సంపుటి 130.

నా ప్రశ్నకు కీలక ఆధారం. ఆంధ్రప్రదేశ్‌లోని 180 ఊళ్లలో ప్రైవేటు బడి ఫీజు కట్టే వోచర్లకు దరఖాస్తులు తీసుకున్నారు. మొదటి లాటరీ ఊళ్లకు: సగం ఊళ్లకే పథకం. రెండో లాటరీ, ఎంపికైన ఊళ్లలో దరఖాస్తుదారుల మధ్య. రెండు దశలు ఎందుకంటే, ఒక్క దశతో «వోచరు వచ్చిన పిల్ల బాగుపడిందా» అన్నది మాత్రమే తెలుస్తుంది. పథకం లేని ఊళ్లు కూడా ఉంటేనే, సర్కారు బడిలో మిగిలిపోయిన పిల్లలకు నష్టం జరిగిందా అన్నది తెలుస్తుంది. జరిగినట్టు ఆధారం కనిపించలేదు.

రెండేళ్లకు, నాలుగేళ్లకు చూస్తే తెలుగు, లెక్కల్లో లాటరీ గెలిచినవారికీ ఓడినవారికీ తేడా లేదు. ఇంగ్లిష్, సైన్సు-సోషల్‌లోనూ లేదు. ప్రాథమిక స్థాయిలో సర్కారు బడి చెప్పని హిందీలో మాత్రం గెలిచినవారు బాగా ముందున్నారు. మామూలు సర్వేల్లో కనిపించే పెద్ద తేడా చాలావరకు ఇంటిదే అన్నమాట. అయితే ప్రైవేటు బడిలో తెలుగుకు, లెక్కలకు కేటాయించిన సమయం తక్కువ, ఒక్కో పిల్లపై ఖర్చు సర్కారు బడి ఖర్చులో మూడో వంతు కూడా లేదు. కాబట్టి «తేడా లేదు» అన్న ఒక్క మాటతో ఈ వ్యాసాన్ని ఉదహరించడం అన్యాయం. తక్కువ సమయంలో, తక్కువ ఖర్చుతో అంతే నేర్పారన్నది కూడా అందులోనే ఉంది.

నా పనిలో రెండు పరిమితులు గుర్తుంచుకోవాలి. వోచరు వచ్చిన వారందరూ దాన్ని వాడుకోలేదు, కాబట్టి పట్టికలో ఉన్న అంకె వోచరు ఇవ్వజూపిన ఫలితమా, బడి మారిన ఫలితమా అని ప్రతిసారీ చూసి రాయాలి. ఇక తెలుగు మీడియం ప్రైవేటు బడికి వెళ్లినవారు ఇంగ్లిష్ మీడియం వారికంటే మెరుగ్గా ఉన్నట్టు రచయితలు చూపుతారు. కానీ మీడియాన్ని లాటరీ నిర్ణయించలేదు. ఈ సంగతిని నా థీసిస్‌లో రుజువుగా కాక, పరీక్షించాల్సిన పరికల్పనగా రాస్తాను.