పద్దెనిమిది నిండాయా? ఓటరు జాబితాలో పేరు ఎక్కించు!

ఏమప్పా, బండి లైసెన్సుకు ఎన్నిసార్లు తిరిగినావు? ఓటుకు అంత టెన్షన్ లేదు. ఫారం 6 నింపితే చాలు, పైసా ఖర్చు లేదు.

ఆధార్ ఉంది కాబట్టి ఓటు ఉన్నట్టే అనుకోవద్దమ్మా. జాబితాలో పేరుంటేనే ఓటు!

పదిహేడు నిండినాయా? ఇప్పుడే అప్లై చెయ్యి. జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబర్ 1: వీటిలో ఏ తేదీకి పద్దెనిమిది నిండితే అప్పటికి నీ పేరు చేరుతుంది.

కళ్యాణదుర్గం నుంచి వచ్చి అనంతపురం హాస్టల్లో ఉన్నావా? ఊరి అడ్రసైనా సరే, హాస్టల్ అడ్రసైనా సరే. రెండు చోట్లా మాత్రం కుదరదు, చట్టం ఒప్పుకోదు. హాస్టల్ అడ్రసైతే కాలేజీ సర్టిఫికెట్ తెచ్చుకో.

1989కి ముందు ఇరవై ఒకటి నిండేదాకా ఆగాల్సిందే. కావాలంటే మీ తాతను అడుగు!

ఏ పార్టీకి వేస్తావో మేం అడగం. నువ్వూ చెప్పొద్దు, అది నీ సొంత విషయం.

ఈ శనివారం పొద్దున 10 నుంచి సాయంత్రం 4 వరకు క్లాక్ టవర్ దగ్గర మా టేబుల్ ఉంటుంది. ఫొటో, వయసు రుజువు, అడ్రస్ రుజువు తీసుకుని ఫ్రెండ్స్‌తో రా. రాలేకపోతే voters.eci.gov.in లో నింపు. డౌటుంటే 1950కి ఫోన్ కొట్టు.