ఉద్యోగ ఒప్పందంలోని 14, 15 క్లాజుల నుంచి మినహాయింపు కోరుతూ విన్నపం

వరంగల్,
2 జూన్ 2025

మానవ వనరుల విభాగం జనరల్ మేనేజర్ గారికి,

అయ్యా,

మన కంపెనీలో ఆరేళ్లపాటు వరంగల్, ఖమ్మం జిల్లాల ఏరియా మేనేజర్‌గా పనిచేసి, మార్చి 31న రిలీవ్ అయ్యాను. ఏడాదిపాటు పోటీ సంస్థలో చేరరాదని 14వ క్లాజు, మన డీలర్లను వ్యాపారం కోసం సంప్రదించరాదని 15వ క్లాజు చెబుతున్నాయి.

ఇప్పుడు నాకు డ్రిప్ పరికరాలతోపాటు కూరగాయల విత్తనాలు కూడా అమ్మే ఒక సంస్థలో ఉద్యోగం వచ్చింది. మనం అమ్మేది పత్తి, మొక్కజొన్న విత్తనాలే కనుక సరుకులో పోటీ లేదు. అయితే విత్తనాల కొట్టు నడిపేవారే డ్రిప్ డీలర్లు కూడా కావడంతో, ఏనుమాముల మార్కెట్ దగ్గరి మన పాత డీలర్ల గడప తొక్కకుండా ఈ పని సాగదు.

ఉద్యోగం మానేశాక కూడా వృత్తిని అడ్డగించే షరతులు భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 27వ సెక్షన్ ముందు సాధారణంగా నిలవవని తెలిసినా, వాదనకు దిగడం కంటే మీ అనుమతితో వెళ్లడమే నాకు మర్యాదగా తోచింది.

కాబట్టి 14వ క్లాజును పూర్తిగా, 15వ క్లాజును డ్రిప్, కూరగాయల విత్తనాల మేరకు సడలించగలరు. వచ్చే మార్చి 31 వరకు పత్తి, మొక్కజొన్న విత్తనాల ఊసెత్తనని, డీలర్ల డిస్కౌంట్లు, బాకీల వివరాలు ఎప్పటికీ బయటపెట్టనని రాసిస్తాను. కొత్త ఉద్యోగంలో జూన్ 23న చేరవలసి ఉన్నందున, 16వ తేదీలోగా లిఖితపూర్వకంగా జవాబివ్వగలరని మనవి.

ఇట్లు,
భవదీయుడు,
మాజీ ఏరియా మేనేజర్, వరంగల్–ఖమ్మం

జత: రిలీవింగ్ లెటర్, ఒప్పందం నకళ్లు