మనసు బాగాలేకపోయినా లీవు పెట్టండి

అందరికీ నమస్కారం. రెండు షిఫ్టుల వాళ్ళం ఇలా ఒకచోట కూర్చుని చాలా రోజులైంది. సీజన్‌లో ఒక షిఫ్టు దిగకముందే ఇంకో షిఫ్టు ఎక్కాలి, పక్కవాడి ముఖం చూసే తీరిక కూడా ఉండదు. ఇప్పుడు మన ఫ్యాక్టరీకి తోతాపురి మామిడి రావడం అయిపోయింది, జామ రావడానికి ఇంకా టైముంది. అందుకే ఈ పూట లైను ఆపించాను. ప్రొడక్షన్ లెక్కలు కాదు, లీవుల గురించి మాట్లాడాలి.

మొన్న లీవు రిజిస్టరు ముందేసుకుని కూర్చున్నాను. జ్వరం, కడుపునొప్పి, బంధువుల పెళ్ళి, తిరుమల మొక్కు, గంగమ్మ జాతర. ఇన్ని పేజీల్లో ఒక్కరు కూడా 'నిద్ర పట్టడం లేదు' అనో, 'మనసు బాగాలేదు' అనో రాయలేదు. నైట్ షిఫ్టులు చేస్తూ, అప్పులు కట్టుకుంటూ, పిల్లల్ని చదివించుకుంటూ బతుకుతున్నవాళ్ళం. ఇంతమందిలో ఎవరి మనసూ ఎప్పుడూ నలగలేదంటే నేను నమ్మను. నలిగే ఉంటుంది. పైకి మాత్రం జ్వరం అని రాసుంటారు.

అలా రాయడం వల్ల నష్టపోయేది మీరే. జ్వరం అని చెప్పినవాడు ఇంట్లోనే పడి ఉండాలి. బజారుకు పోతే ఎవరైనా చూస్తారేమో. అక్క ఇంటికి పోయి నాలుగు మాటలు చెప్పుకుందామంటే అక్కడ మన ఫ్యాక్టరీ వాళ్ళు కనబడతారేమో. తిరిగొచ్చాక 'జ్వరం తగ్గిందా' అని అడిగిన ప్రతివాడికీ ఇంకో అబద్ధం చెప్పాలి. తేలికపడదామని తీసుకున్న రోజు దాచిపెట్టుకోవడానికే సరిపోతుంది.

2025 సీజన్ మీరెవరూ మరచిపోయి ఉండరు. తోతాపురి ధర పడిపోయింది. కిలోకు 12 రూపాయలు, అందులో ఫ్యాక్టరీలు 8 ఇవ్వాలి, మిగతా 4 తాను ఇస్తానని ప్రభుత్వం చెప్పింది. ట్రాక్టర్లు రోజుల తరబడి వరసలో నిలబడ్డాయి. ఎండకు కాయ మగ్గి కారిపోతుంటే రైతుల కోపమూ, కన్నీళ్ళూ రెండూ కాటా దగ్గరున్న మన పిల్లలే చూశారు. ఆ రైతుల్లో మీ మామలున్నారు, చిన్నాన్నలున్నారు. ధర పెట్టింది మీరు కాదు, మాటలు పడింది మాత్రం మీరు. అలాంటి నెల గడిచాక ఒక మనిషికి అన్నం సహించకపోయినా, ట్రాక్టరు హారన్ వినగానే గుండె దడ వచ్చినా అందులో వింతేముంది? ఒళ్ళు అలసినట్టే మనసూ అలసింది. దానికీ రెండు రోజులు కావాలి.

ఒంటికి ఏమొచ్చినా మనం రాయవేలూరు పోతాం. కిడ్నీలో రాయి తీయించుకుని వస్తే దాన్ని సీసాలో పెట్టి మరీ ఊరందరికీ చూపిస్తాం. అదే వేలూరులో, అదే సీఎంసీ వాళ్ళకు బాగాయంలో మానసిక వైద్యం కూడా ఉంది. అక్కడికి పోయొస్తే మాత్రం పక్కింటికి తెలియనివ్వం. పిచ్చి అంటారని, ఇంట్లో ఆడపిల్లకు సంబంధం రాదని భయం. ఆ భయం ఉత్తదేనని నేను అనను. ఊళ్ళో నోళ్ళు ఎలా ఉంటాయో నాకూ తెలుసు. ఊరిని మార్చడం నా చేతిలో లేదు, ఈ గేటు లోపల ఎలా ఉండాలో మాత్రం మన చేతిలో ఉంది. బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రి వాళ్ళు 2015-16లో చేసిన జాతీయ సర్వేలో పెద్దవాళ్ళలో 100కి 10 మందికి పైగా ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేలింది. అంటే ఇక్కడ కూర్చున్న మనలోనూ ఉన్నారు. వాళ్ళు రోజూ మీ పక్కనే నిలబడి డ్రమ్ములు నింపుతున్నారు, మీతో కలిసి టిఫిన్ చేస్తున్నారు.

ఇక ఏం మారుతుందో చెబుతాను. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి లీవు ఫారంలో 'కారణం' అనే గడి ఉండదు. సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి 'ఒంట్లో బాగాలేదు, రేపు రాను' అంటే చాలు. మనసు కూడా ఒంట్లోనే ఉంది కాబట్టి అది అబద్ధం కాదు. 'మనసు బాగాలేదు' అనే చెప్పాలనిపిస్తే అలాగే చెప్పండి. రెండు రోజుల వరకు డాక్టర్ చీటీ అడగం.

హాజరు బోనస్ విషయం అన్నిటికన్నా ముఖ్యం. సీజన్‌లో ఒక్క రోజు మానినా మొత్తం బోనస్ పోతుందని, కళ్ళు తిరుగుతున్నా వస్తున్నారు. మూడు రాత్రులు నిద్రలేని మనిషిని బాయిలర్ దగ్గర నిలబెట్టడం వాడికీ ప్రమాదమే, పక్కనున్నవాళ్ళకూ ప్రమాదమే. ఇకమీదట ఆరోగ్య లీవు పెడితే బోనస్ కట్ కాదు. మేనేజ్‌మెంటుతో ఒప్పించి, కాగితం మీద రాయించుకున్నాను, నోటీసు బోర్డులో పెడతాం.

కాంట్రాక్టు మీద వచ్చే అక్కలకు, చెల్లెళ్ళకు ఒక మాట. మీకు రోజు కూలి పోతుందనే భయం అందరికన్నా ఎక్కువ. సీజన్‌కు రెండు రోజులు కూలి ఇచ్చి సెలవు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. రెండంటే తక్కువే. పెంచమని అడుగుతూనే ఉంటాను. ఈఎస్ఐ కార్డు ఉండి, చందా నిబంధన సరిపోయినవాళ్ళకు డాక్టర్ సర్టిఫికెట్‌తో ఏడాదికి 91 రోజుల వరకు, జీతంలో 70 శాతం వస్తుంది. మనసు జబ్బుకు కూడా వస్తుంది. ఫారాలు నింపడం రాకపోతే ఆఫీసులో నింపి పెడతారు.

మందు అలవాటున్నవాళ్ళకూ చెప్పాలి. కాణిపాకంలో ప్రమాణం చేసి మానినవాళ్ళు మనలో ఉన్నారు, వాళ్ళంటే నాకు గౌరవం. కానీ ఏళ్ళ తరబడి రోజూ తాగినవాళ్ళు ఒక్కసారిగా ఆపితే కొందరికి చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదకు కూడా వస్తుంది. ప్రమాణం చేయండి, ముందు డాక్టర్‌కు చూపించుకోండి. ఆ రోజులకూ లీవు ఇస్తాను.

సూపర్‌వైజర్లు వినండి. ఎవరైనా రానని ఫోన్ చేస్తే 'ఎందుకు, ఏమైంది, ఇంట్లో గొడవా' అని ఆరా తీయొద్దు. 'సరే, చూసుకుంటాం, తిన్నావా, తోడు ఎవరున్నారు' అని అడిగితే చాలు. తిరిగొచ్చాక లైనులో అందరి ముందు ఎగతాళి చేస్తే మాత్రం నేను ఊరుకోను. ఎవరైనా బతకాలని లేదన్నట్టు మాట్లాడితే తేలిగ్గా తీసుకోవద్దు, ఒంటరిగా వదలొద్దు. అర్ధరాత్రయినా నాకు ఫోన్ చేయండి. 14416 అని టెలిమానస్ నంబరు ఉంది, పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఆ నంబరు గోడ మీద పెద్దగా రాయిస్తున్నాను. మామూలు దిగులుకైనా అదే నంబరుకు చేయొచ్చు.

డాక్టర్ దగ్గరికి పోతే ఫ్యాక్టరీకి తెలుస్తుందేమోనని కొందరు అడిగారు. తెలియదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ వివరాలు రహస్యంగా ఉంచాలి. మీరు చెప్పాలనుకుంటే తప్ప నేను అడగను.

వచ్చే వారం నేనే లీవు పెడుతున్నాను. మే నుంచి నాకు సరిగా నిద్ర లేదు. తెల్లవారుజామున మెలకువ వచ్చి ఫోన్‌లో కాటా లెక్కలు చూస్తూ కూర్చుంటున్నాను, ఇంట్లో పిల్లల మీద ఊరికే అరుస్తున్నాను. తిరుపతి రుయాలో డాక్టర్‌ను కలిసి, తర్వాత మా ఊరికి పోయి అమ్మ దగ్గర ఉండి వస్తాను. ఎక్కడికి పోయానని ఎవరైనా అడిగితే ఇదే చెప్పండి, దాచొద్దు. ఆ రోజుల్లో నా పని క్వాలిటీ మేడమ్ చూస్తారు, లీవులు కూడా ఆమే ఇస్తారు.

ఏమైనా అడగాలంటే ఇప్పుడే అడగండి. అందరి ముందు వద్దనుకున్నవాళ్ళు సాయంత్రం 6 దాకా ల్యాబ్ పక్క గదికి రండి, ఒక్కడినే ఉంటాను. నైట్ షిఫ్టు వాళ్ళు ముందు రండి, మీరు ఇంటికి పోయి పడుకోవాలి.